రిఫరల్ బోనస్ రెండో సగం ఫిబ్రవరిలో వస్తే టాక్స్ ఎందుకంత పెరుగుతుంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో చేస్తున్నానండి. నెలకి గ్రాస్ 1,05,000. ఈ 2025-26లో కొత్త పన్ను విధానంలో ఉన్నాను, అక్టోబర్ దాకా టీడీఎస్ ఒక్క రూపాయి కూడా లేదు. నా పాత కొలీగ్‌ని రిఫర్ చేస్తే ఆగస్టు 11న చేరాడు. రిఫరల్ బోనస్ 60,000. అతను చేరిన 90 రోజులకి సగం, ఆరు నెలల ప్రొబేషన్ అయ్యాక సగం. నవంబర్ జీతంలో 30,000 పడింది, టీడీఎస్ 3,120 కట్ చేశారు. సరే అనుకున్నా. ఇప్పుడు డిసెంబర్‌లో బోనస్ లేకపోయినా మళ్లీ 3,120 పోతుందట, మార్చి దాకా ఇంతేనట! ఫిబ్రవరిలో రెండో సగం వచ్చినప్పుడు ఇంకెంత పోతుంది? ఐటీఆర్ వేస్తే అంతా వెనక్కి వస్తుందని మా టీమ్‌లో ఒకతను అంటున్నాడు, నిజమేనా?

సమాధానం: ముందు చివరి ప్రశ్నకి చెప్తాను, ఎందుకంటే ఆ మాట నమ్మి ఊరుకుంటే మీకు నష్టం. వెనక్కి రాదు. మీ పేరోల్ వాళ్లు డిసెంబర్‌లో కట్ చేసేది తప్పు కాదు, అది నిజంగా మీరు కట్టాల్సిన పన్నే. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు ఏమీ చేయకుండా ఉంటే ఫిబ్రవరిలో వచ్చే రెండో 30,000 మీద పడే పన్ను 31,200. అంటే ఆ బోనస్ వచ్చినందుకు ఏడాది మొత్తం మీద మీ చేతిలో 1,200 తగ్గుతుంది. టైపు తప్పు కాదండి, లెక్క కింద వివరంగా రాస్తాను. దీన్ని చాలావరకు తగ్గించుకునే దారి కూడా ఒకటుంది, కానీ దానికి టైమ్ తక్కువ.

బోనస్‌కి విడిగా ఒక పన్ను రేటు ఉంటుందని, కంపెనీలు 30 శాతం కట్ చేస్తాయని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. ఉద్యోగికి కంపెనీ ఇచ్చే రిఫరల్ బోనస్ జీతం కిందకే వస్తుంది, జీతంలోనే కలిసిపోతుంది. ఈ ఏడాదికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం 192వ సెక్షన్ ప్రకారం కంపెనీ ప్రతి నెలా చేయాల్సింది, ఈ ఆర్థిక సంవత్సరం మొత్తానికి మీ జీతం ఎంత అవుతుందో అంచనా వేసి, దానికి ఏడాది పన్ను లెక్కగట్టి, అందులోంచి ఇప్పటిదాకా కట్ చేసింది తీసేసి, మిగిలినదాన్ని మిగిలిన నెలలకి సర్దడం. అంటే పేరోల్ సాఫ్ట్‌వేర్ దృష్టిలో నవంబర్ బోనస్ మీద పన్ను అనేదేమీ ఉండదు. నవంబర్‌లో మీ ఏడాది అంచనా 12,60,000 నుంచి 12,90,000కి పెరిగింది, దానివల్ల ఏడాది పన్ను సున్నా నుంచి 15,600కి పెరిగింది, నవంబర్ నుంచి మార్చి దాకా ఐదు నెలలు ఉన్నాయి కాబట్టి నెలకి 3,120 అయింది. డిసెంబర్‌లో పోయే 3,120 కూడా నవంబర్ బోనస్ తాలూకుదే, కాకపోతే వాయిదాల్లో పోతోంది.

30,000కి 15,600 ఏంటి, సగానికి పైగా, అని మీకు అనిపించే ఉంటుంది. అసలు కథ అక్కడే ఉంది. 2025-26లో కొత్త విధానంలో మొదటి 4 లక్షలకి పన్ను లేదు, 4 నుంచి 8 లక్షలకి 5 శాతం, 8 నుంచి 12కి 10 శాతం, 12 నుంచి 16కి 15 శాతం. ఈ లెక్కన 12 లక్షల ఆదాయానికి 60,000 పన్ను రావాలి, కానీ పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే ఆ 60,000నీ 87ఏ రిబేట్ కింద పూర్తిగా వదిలేస్తారు. జీతగాళ్లకి పైన 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి గ్రాస్ 12,75,000 దాకా పన్ను సున్నా. మీ ఏడాది గ్రాస్ 12,60,000. గీతకి సరిగ్గా 15,000 కింద ఉన్నారు. అందుకే అక్టోబర్ దాకా మీ స్లిప్పులో టీడీఎస్ వరుస ఖాళీగా ఉంది.

నవంబర్‌లో వచ్చిన 30,000లో మొదటి 15,000 ఆ ఖాళీని నింపింది, దానికి పన్ను లేదు. మిగతా 15,000 గీత దాటింది. గీత ఒక్క రూపాయి దాటినా రిబేట్ మొత్తం పోయి 60,000 మీద పడితే అది అన్యాయం కదా, అందుకని మార్జినల్ రిలీఫ్ అని ఒకటి పెట్టారు. 12 లక్షల మీద మీకు ఎంత ఎక్కువ వచ్చిందో, పన్ను అంతకు మించకూడదు. మీ పన్ను ఆదాయం 12,15,000, స్లాబుల ప్రకారం పన్ను 62,250 రావాలి, కానీ గీత దాటింది 15,000 మాత్రమే కాబట్టి పన్ను 15,000 దగ్గర ఆగింది. దాని మీద 4 శాతం సెస్సు 600. మొత్తం 15,600. రిలీఫ్ అనే పేరు బాగానే ఉంది, నిజంగానే మీకు 47,000 దాకా మిగిల్చింది కూడా. కానీ దాని రెండో ముఖం చూడండి. గీత దాటాక వచ్చే ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది, పైగా సెస్సు 4 పైసలు జేబులోంచి. ఈ పరిస్థితి పన్ను ఆదాయం సుమారు 12,70,600 అయ్యేదాకా, అంటే గ్రాస్ సుమారు 13,45,600 దాకా ఉంటుంది. ఆ పైన మామూలు స్లాబ్ లెక్క వచ్చేస్తుంది, రూపాయికి 15.6 పైసలే పోతాయి. 15 లక్షల గ్రాస్ ఉన్న మీ పక్క సీటు మనిషికి ఇదే 30,000 బోనస్ వస్తే పోయేది 4,680. అతని స్లిప్పుతో మీది పోల్చుకుంటే ఏదో తప్పు జరిగిందనే అనిపిస్తుంది, జరగలేదు.

మీ రెండో సగం మొత్తంగా ఆ 12,75,000కి, 13,45,600కి మధ్య భాగంలోనే పడుతోంది. ఏడాది గ్రాస్ 13,20,000, పన్ను ఆదాయం 12,45,000, స్లాబుల ప్రకారం 66,750 రావాలి, మార్జినల్ రిలీఫ్‌తో 45,000, సెస్సుతో 46,800. ముందు లెక్క 15,600, ఇప్పుడు 46,800. తేడా 31,200. అందుకే రెండో 30,000 మీకు 1,200 నష్టం. రెండు సగాలూ కలిపి చూస్తే 60,000లో మిగిలేది 13,200.

ఇక నెలల వారీగా. మీకు పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 కట్ అవుతాయనుకుంటున్నాను, మీ స్లిప్పులో వేరుగా ఉంటే ఆ మేరకు మార్చుకోండి. బోనస్ వల్ల ఈ రెండూ పెరగవు. పీఎఫ్ బోనస్ మీద లెక్కించరు, ప్రొఫెషనల్ టాక్స్ తెలంగాణలో 20,000 దాటిన జీతానికి నెలకి 200 దగ్గరే ఆగిపోతుంది. మామూలు నెలలో మీ చేతికి 1,03,000 వచ్చేది. నవంబర్‌లో బోనస్‌తో 1,29,880 వచ్చి ఉండాలి. డిసెంబర్, జనవరి 99,880 చొప్పున. జనవరి ఆఖరుకి మూడు నెలల్లో కట్ అయింది 9,360. ఫిబ్రవరిలో రెండో సగం కలిసినప్పుడు ఏడాది పన్ను 46,800 అవుతుంది, అందులో 9,360 పోను 37,440 మిగులుతుంది, దాన్ని ఫిబ్రవరి, మార్చి రెండు నెలలకే సర్దాలి. నెలకి 18,720. ఫిబ్రవరిలో బోనస్ ఉంది కాబట్టి 1,14,280 చేతికొస్తుంది, పెద్దగా తెలియదు. దెబ్బ తెలిసేది మార్చిలో. బోనస్ ఉండదు, 18,720 మాత్రం పోతుంది, చేతికొచ్చేది 84,280. ఈఎంఐలు, స్కూల్ ఫీజులు ఉన్నవాళ్లకి ఇది చిన్న తేడా కాదు, కాబట్టి ఫిబ్రవరి బోనస్ ఖర్చుపెట్టకండి, కనీసం 19,000 మార్చి కోసం పక్కన పెట్టండి.

ఒకవేళ మీ కంపెనీ పాలసీలో కన్ఫర్మేషన్ అయిన తర్వాతి నెల జీతంతో ఇస్తాం అని ఉంటే, ఫిబ్రవరి 10 తర్వాత కన్ఫర్మ్ అయి బోనస్ మార్చి జీతంలో పడుతుంది. అప్పుడు ఫిబ్రవరిలో మామూలు 3,120 పోయి, మిగతాదంతా, 34,320, ఒక్క మార్చిలోనే పోతుంది. స్లిప్పులో బోనస్ 30,000 అని, టీడీఎస్ 34,320 అని పక్కపక్కన కనిపిస్తాయి. ఆ రోజు హెచ్ఆర్‌కి కోపంగా మెయిల్ రాసేముందు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కొన్ని కంపెనీలు ఇంకో పద్ధతి వాడతాయి, బోనస్ లాంటి ఒక్కసారి వచ్చే చెల్లింపుల వల్ల పెరిగిన పన్నుని మిగతా నెలలకి పంచకుండా ఆ నెలలోనే మొత్తం పట్టేస్తాయి. ఆ పద్ధతిలో మీకు నవంబర్‌లోనే 15,600 పోయి ఉండేది, ఫిబ్రవరిలో 31,200 పోయేది, మిగతా నెలలు సున్నా. మీకు 3,120 కట్ అయిందంటే మీ వాళ్లది పంచే పద్ధతి. ఏ పద్ధతైనా మార్చి 31కి మొత్తం ఒక్కటే.

ఇక్కడొకటి చూసుకోవాలి. పేరోల్ పోర్టల్‌లో నెలనెలా టాక్స్ షీట్ ఉంటుంది, అంచనా ఆదాయం, స్టాండర్డ్ డిడక్షన్, పన్ను, రిబేట్, సెస్సు వరుసగా చూపిస్తుంది. ఫిబ్రవరి షీట్ దించుకుని మార్జినల్ రిలీఫ్ వరుస ఉందో లేదో చూడండి. అది లేకుండా స్లాబ్ పన్ను 66,750 మీద సెస్సు వేసి 69,420 చూపిస్తుంటే మాత్రం అది పేరోల్ తప్పు, వెంటనే చెప్పాలి. నవంబర్‌లో 15,600 సరిగ్గా వచ్చింది కాబట్టి మీ సాఫ్ట్‌వేర్‌కి రిలీఫ్ తెలుసు, అయినా చూసుకోవడంలో పోయేదేం లేదు. అలాగే రెండో సగాన్ని వాళ్లు ముందే అంచనాలో కలపలేదు, అదీ సబబే, మీ కొలీగ్ ప్రొబేషన్ పూర్తి చేస్తాడో లేదో ఇప్పుడే ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఏం చేయొచ్చు. అందరికీ మొదట తట్టేది, రెండో సగాన్ని ఏప్రిల్‌లో ఇమ్మని అడిగితే? ఆలోచన సరైనదే, దారి సరైనది కాదు. జీతం మీద పన్ను అది చేతికొచ్చిన రోజుకీ, రావాల్సిన హక్కు ఏర్పడిన రోజుకీ ఏది ముందైతే దాన్ని బట్టి పడుతుంది. మీ పాలసీ ప్రకారం ఫిబ్రవరిలోనో మార్చిలోనో బోనస్ మీకు రావాల్సింది అయిపోతే, డబ్బు ఏప్రిల్‌లో తీసుకున్నా ఆదాయం ఈ ఏడాదిదే. అందుకని హెచ్ఆర్‌ని బతిమాలి లాభం లేదు, వాళ్లు ఒప్పుకోకూడదు కూడా. పాలసీ ప్రకారమే అది ఏప్రిల్‌లో రావాల్సి ఉంటే అది వేరే సంగతి. ఉదాహరణకి మీ కొలీగ్ ప్రొబేషన్‌ని మేనేజర్ రెండు నెలలు పొడిగించాడనుకోండి, కన్ఫర్మేషన్ ఏప్రిల్‌కి పోతుంది, బోనస్ వచ్చే ఏడాది లెక్కలోకి వెళ్తుంది. అప్పుడు ఈ ఏడాది మీ పన్ను 15,600 దగ్గరే ఆగుతుంది. వచ్చే ఏడాది మీ జీతం 8 శాతం పెరిగి నెలకి 1,13,400 అయితే గ్రాస్ 13,60,800, ఆ మధ్య భాగం దాటేశారు, స్లాబులు ఇవే ఉంటే రెండో సగం మీద పన్ను 4,680, పన్నెండు నెలలకి పంచితే నెలకి 390. అదే 30,000. ఈ ఏడాది 31,200, వచ్చే ఏడాది 4,680. ఇంక్రిమెంట్ ఏమీ రాకపోతే మాత్రం వచ్చే ఏడాదీ మళ్లీ 15,600, నెలకి 1,300. మార్చి 31 అనే గీత ఎంత పని చేస్తుందో చూడండి, కానీ అది మీ చేతుల్లో లేదు, మీ కొలీగ్ చేరిన తేదీ చేతుల్లో ఉంది. ఇకపై ఎవరినైనా రిఫర్ చేసేటప్పుడు అక్టోబర్ తర్వాత చేరితే ఆరు నెలల ప్రొబేషన్ ఏప్రిల్ దాటుతుందని తెలిసి ఉంటే చాలు.

మీ చేతుల్లో ఉన్నది కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్, అంటే నేషనల్ పెన్షన్ సిస్టమ్. కొత్త విధానంలో 80సీ లేదు, 80డీ లేదు, ఇంటి అద్దె మినహాయింపు లేదు, కానీ కంపెనీ మీ ఎన్‌పీఎస్ ఖాతాలో వేసే డబ్బుకి 80సీసీడీ(2) కింద మినహాయింపు ఉంది, బేసిక్ జీతం, డీఏ కలిపి దాంట్లో 14 శాతం దాకా. మీరు స్వంతంగా మీ బ్యాంకు నుంచి ఎన్‌పీఎస్‌లో కడితే కొత్త విధానంలో ఏ లాభమూ రాదు, ఈ తేడా దగ్గరే చాలామంది పొరపడతారు. కంపెనీ జీతంలోంచి కంపెనీ వాటాగా వెళ్లాలి. సాధారణంగా చేసేది, మీ స్పెషల్ అలవెన్స్‌లో కొంత తగ్గించి అదే మొత్తాన్ని కంపెనీ వాటా కింద చూపించడం, మీ మొత్తం ప్యాకేజీ మారదు.

మీ బేసిక్ గ్రాస్‌లో సగం, 52,500 అనుకుందాం. 14 శాతం అంటే నెలకి 7,350. జనవరి జీతం నుంచి మొదలుపెడితే మార్చికి మూడు నెలలు, 22,050. జనవరిలో ఏమవుతుందంటే, పేరోల్ మీ అంచనా మళ్లీ లెక్కేస్తుంది. 12,90,000లోంచి 75,000, 22,050 పోతే 11,92,950. గీత కిందకి వచ్చేశారు! ఏడాది పన్ను సున్నా, జనవరి టీడీఎస్ సున్నా, నవంబర్, డిసెంబర్‌లలో పోయిన 6,240 మీ పేరున నిలవ ఉంటుంది. ఫిబ్రవరిలో రెండో సగం కలిసినప్పుడు పన్ను ఆదాయం 12,22,950, పన్ను 22,950, సెస్సుతో 23,868. అందులో 6,240 పోను 17,628, రెండు నెలలకి 8,814 చొప్పున. ఎన్‌పీఎస్ లేకపోతే ఆ రెండు నెలలూ 18,720 చొప్పున పోయేది. ఇప్పుడు టీడీఎస్ 8,814, ఎన్‌పీఎస్ 7,350 కలిపినా 16,164, అంటే చేతికొచ్చేది కూడా ఎక్కువే. మొత్తం మీద 22,050 మీ పేరున ఎన్‌పీఎస్‌లో ఉంటుంది, పన్ను 22,932 తగ్గుతుంది. మామూలుగా పన్ను మిగలడం కోసం పెట్టిన పెట్టుబడిలో కొంత భాగమే తిరిగొస్తుంది. ఇక్కడ పెట్టిందానికంటే ఎక్కువ మిగులుతోంది, ఎందుకంటే మీరు రూపాయికి 104 పైసలు పోయే చోట ఉన్నారు.

ఇంకా ముందుకెళ్లొచ్చు. చట్టంలో 14 శాతం పరిమితి ఏడాది జీతం మీద, మీకు అది 88,200. కంపెనీ ఒప్పుకుంటే మూడు నెలల్లో నెలకి 15,000 చొప్పున 45,000 వేయించుకుంటే పన్ను ఆదాయం సరిగ్గా 12,00,000, ఏడాది పన్ను సున్నా. కానీ చాలా కంపెనీల పోర్టల్ నెల బేసిక్ మీద 5, 10, 14 శాతం అనే ఎంచుకోనిస్తుంది, అంతకు మించి వేయనివ్వదు. అడిగి చూడండి. అడగాల్సింది హెచ్ఆర్‌ని కాదు, నేరుగా పేరోల్ టీమ్‌ని. మెయిల్‌లో మూడు సంగతులు అడగండి: కంపెనీలో కార్పొరేట్ ఎన్‌పీఎస్ ఉందా, ఏడాది మధ్యలో చేరనిస్తారా, జనవరి జీతానికి రిక్వెస్ట్ పెట్టే ఆఖరి తేదీ ఏది. కొన్ని చోట్ల ఏప్రిల్‌లో మాత్రమే చేరనిస్తారు, అలా అయితే ఈ ఏడాదికి ఈ దారి మూసుకుపోయినట్టే. ఎన్‌పీఎస్ ఖాతా నంబర్ లేకపోతే ఆన్‌లైన్‌లో తెరిచి కంపెనీకి జత చేయించాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది, అందుకే ఈ వారమే మొదలుపెట్టమంటున్నాను. ఈ డబ్బు రిటైర్మెంట్ కోసం ఉద్దేశించింది, మధ్యలో తీయడానికి షరతులు చాలా ఉన్నాయి, ఆ సంగతి తెలిసే దిగండి. అయినా మీ కేసులో ఎన్‌పీఎస్ వద్దనుకుంటే ఆ డబ్బు మీ దగ్గర ఉండదు, ప్రభుత్వానికి పోతుంది. అందుకే నేనైతే ఒక్క క్షణం కూడా ఆలోచించను.

పాత విధానానికి మారితే అని మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు. 13,20,000 గ్రాస్ మీద పాత విధానంలో 46,800 కంటే తక్కువ పన్ను రావాలంటే మినహాయింపులన్నీ కలిపి 6,57,500 దాటాలి. హైదరాబాద్‌లో ఇంటి అద్దె, 80సీలో లక్షన్నర, హెల్త్ ఇన్సూరెన్స్, దానికి తోడు హోమ్ లోన్ వడ్డీ, ఇవన్నీ పూర్తిగా ఉన్నవాళ్లకి తప్ప ఆ అంకె రాదు. మీకు వస్తుందేమో ఒకసారి కూడి చూడండి, రాకపోతే ఆ మాట వదిలేయండి.

మళ్లీ ఐటీఆర్ దగ్గరికి. టీడీఎస్ అనేది పన్నుని ముందే పట్టడం. ఏడాది చివర లెక్కేసినా అదే 46,800 వస్తుంది, పట్టింది 46,800, వెనక్కి వచ్చేది ఏముంటుంది? పైగా ఎదురు కట్టాల్సి రావచ్చు. మీ బ్యాంకులో సేవింగ్స్ వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ కలిపి ఏడాదికి 9,000 వస్తుందనుకోండి, మీ కంపెనీకి అది తెలియదు, కానీ ఐటీఆర్‌లో చూపించాలి, మీ ఆదాయాల వివరాలతో పన్ను శాఖ తయారుచేసే ఏఐఎస్‌కి బ్యాంకు దాన్ని అప్పటికే పంపి ఉంటుంది. సేవింగ్స్ వడ్డీకి పాత విధానంలో ఉండే 10,000 మినహాయింపు కొత్త విధానంలో లేదు. మీరు ఆ మధ్య భాగంలో ఉన్నారు కాబట్టి 9,000 వడ్డీకి 9,360 పన్ను, వడ్డీ మొత్తం పోయి ఇంకా చేతి నుంచి వేయాలి. జనవరిలో పేరోల్ వాళ్లు డిక్లరేషన్ అడిగినప్పుడు ఇతర ఆదాయం కింద ఈ వడ్డీ చూపిస్తే మార్చి లోపే సర్దుకుపోతుంది, లేకపోతే జూలైలో ఐటీఆర్ వేసేటప్పుడు ఒకేసారి కట్టాలి. ఎఫ్‌డీ ఏదైనా ఇప్పుడు కొత్తగా వేస్తుంటే, వడ్డీ ఏప్రిల్ తర్వాత ఖాతాలో పడేలా చూసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరు, చాలా బ్యాంకులు మార్చి 31 దాకా అయిన వడ్డీని లెక్కగట్టి ఏఐఎస్‌కి పంపేస్తాయి.

టీడీఎస్ నిజంగా వెనక్కి వచ్చే సందర్భం ఒకటుంది, అది కూడా మీకు సంబంధించిందే. మీ పాలసీలో మొదటి సగం గురించి ఏం రాసి ఉందో చదవండి. కొన్ని కంపెనీల్లో రిఫర్ చేసిన మనిషి ప్రొబేషన్ లోపే మానేస్తే రెండో సగం రాకపోవడమే కాదు, ఇచ్చిన మొదటి సగం కూడా వెనక్కి తీసుకుంటారు. మీ కొలీగ్ జనవరిలో మానేసి, జనవరి జీతంలోంచి 30,000 రికవరీ చేశారనుకుందాం. ఏడాది గ్రాస్ మళ్లీ 12,60,000, పన్ను సున్నా. నవంబర్, డిసెంబర్‌లలో పోయిన 6,240 అప్పటికే మీ పాన్ మీద ప్రభుత్వానికి జమ అయిపోయి ఉంటుంది, ఇకపై కట్ చేయాల్సింది ఏమీ లేదు కాబట్టి పేరోల్‌లో సర్దడానికి వీలుండదు. అప్పుడు మాత్రం ఐటీఆర్ వేస్తేనే ఆ 6,240 వస్తుంది. ఫారం 16లో గ్రాస్ జీతం 12,60,000 అనే ఉండాలి, రికవరీ తీసేయకుండా 12,90,000 అని చూపిస్తే రీఫండ్ రాదు, కాబట్టి ఫారం చేతికి రాగానే ఆ ఒక్క అంకె చూసి, తేడా ఉంటే ఐటీఆర్ వేయకముందే కంపెనీ చేత సరి చేయించుకోండి.